వేక్ ఆన్ ల్యాన్ కోసం రౌటర్ కొంటున్నారా? రెండు నిమిషాల డెమో చూసి డబ్బులు ఇవ్వొద్దు

అనంతపురంలో నేను రౌటర్ కొన్న షాపులో "బెంగళూరులో కూర్చుని ఇంట్లో సిస్టమ్ ఆన్ చేసుకోవచ్చు" అన్నారు. ₹3,400 పెట్టినా.

కుర్రాడు ఇంటికొచ్చి సెట్ చేశాడు. బయటినుంచి యూడీపీ పోర్ట్ 9కి వచ్చే ప్యాకెట్‌ను నా సిస్టమ్ ఐపీ 192.168.1.20కి ఫార్వర్డ్ చేశాడు. సిస్టమ్ షట్‌డౌన్ చేయించి, నా ఫోన్లో వైఫై తీసేసి డేటా మీద వేక్ ఆన్ ల్యాన్ యాప్‌లో బటన్ నొక్కమన్నాడు. వెంటనే ఫ్యాన్ తిరిగింది. "చూసినావా అన్నా, ఎక్కడున్నా ఇంతే" అన్నాడు. ఆదివారం రాత్రి సిస్టమ్ ఆపి బస్సెక్కినా. సోమవారం పొద్దున ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి నాన్నకు ఫోన్ చేసి పవర్ బటన్ నొక్కించుకున్నా.

తర్వాతి వారం కూర్చుని తేల్చుకున్నా. రాత్రంతా ఆపేసిన సిస్టమ్, పొద్దున ఇంటి వైఫైలోంచి నొక్కితే లేచింది. అంటే బయోస్, విండోస్ సెట్టింగుల తప్పు కాదు. మొబైల్ డేటా మీద మాత్రం ఆపిన రెండు నిమిషాలకు లేస్తుంది, అరగంటకు లేవదు.

సంగతి ఇది. 192.168.1.20కి పంపాలంటే ఆ ఐపీ ఏ మ్యాక్ అడ్రస్‌దో రౌటర్‌కు తెలియాలి. సిస్టమ్ నడుస్తున్నప్పుడు అడిగి ఏఆర్‌పీ టేబుల్లో రాసుకుంటుంది. ఆ రాత కొద్ది నిమిషాలే ఉంటుంది. చెరిగిపోయాక మళ్లీ అడుగుతుంది, నిద్రపోయిన సిస్టమ్ జవాబివ్వదు, ప్యాకెట్ రౌటర్ దగ్గరే పోతుంది. ఇంటి వైఫైలో యాప్ అందరికీ కలిపి కేక వేస్తుంది కాబట్టి ఈ గొడవ లేదు. ఆ కేక బయటినుంచే వేయిద్దామని 192.168.1.255కి ఫార్వర్డ్ పెట్టి చూసినా, "Invalid IP" అంది.

షాపులో అడిగితే `Address Reservation` చూపించి "ఉంది కదా" అన్నారు. అది వేరు. ఐపీ మారకుండా చూస్తుందే గానీ, ఏఆర్‌పీ రాతను నిలబెట్టదు. మనకు కావలసింది `IP & MAC Binding` లేదా స్టాటిక్ ఏఆర్‌పీ. లేదంటే రౌటర్ తనే ప్యాకెట్ పంపే వేక్ ఆన్ ల్యాన్ బటన్. ఈ రెంటిలో ఒకటి అడ్మిన్ పేజీలో కళ్లారా చూశాకే కొనండి. డెమో అయితే సిస్టమ్ ఆపి గంట ఆగాక అడగండి.

ఇంకోటి, రౌటర్ వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది ప్రొవైడర్ పంచి ఇచ్చేది. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగే పనిచేయదు, ఎంత మంచి రౌటరైనా.

బాక్స్ తెరిచారని వాపసు తీసుకోలేదు. ఇప్పుడు నాన్న ఫోన్లో యాప్ వేసిచ్చినా. నేను ఫోన్ చేస్తే ఆయన మంచం మీదనుంచే నొక్కుతాడు.