విలనెల్‌లో పాదం మారకుండా తిరిగి రావడం మేలా, మారి రావడం మేలా?

విలనెల్ అనే పద్యరూపంలో ఉండేవి 19 పాదాలు. వాటిలో మొదటి పాదం 6, 12, 18 స్థానాల్లోనూ, మూడో పాదం 9, 15, 19 స్థానాల్లోనూ మళ్లీ వస్తాయి. మన కీర్తనలో పల్లవి ఒకటే అయితే, ఇక్కడ రెండు పల్లవులు వంతులవారీగా వచ్చి, ఆఖరి చరణం చివర పక్కపక్కన చేరతాయి. నడిమి చరణాల్లో కొత్త మాట రెండు పాదాలు సాగగానే మూడో పాదం పాతచోటికి లాగుతుంది. ఒకే తలపు వదలని మనసు నడిచే తీరు కూడా అదే. ఈ రూపానికి ఒరవడిగా నిలిచిన జాన్ పసరా ఫ్రెంచి పద్యంలో (1606లో అచ్చయింది) ఒక పల్లవి గువ్వను పోగొట్టుకున్నానంటే, రెండోది దాని వెంటే వెళ్లాలని ఉందంటుంది.

మరి ఆ పాదం అక్షరం మారకుండా రావాలా, మారుతూ రావాలా? వేల్స్ కవి డిలన్ థామస్ మొదటి దారి పట్టాడు. తండ్రి బతికి ఉండగానే, చీకటిలోకి మెత్తగా వెళ్లిపోవద్దని వేడుకుంటూ రాసి, 1951లో అచ్చువేసిన పద్యంలో రెండు పల్లవులూ చివరిదాకా మారవు. అయినా వాటి పని మారుతుంది. మొదటి చరణంలో “వెళ్లకు” అనే ఆజ్ఞగా ఉన్న పాదమే, జ్ఞానుల గురించి చెప్పే చరణంలో “వాళ్లు వెళ్లరు” అనే వాక్యానికి ముగింపవుతుంది. ఆఖరున “నాన్నా” అని పిలిచాక మళ్లీ వేడుకోలవుతుంది. ఇంగ్లీషులో రెండు అర్థాలకూ క్రియారూపం ఒకటే కాబట్టి ఇది కుదిరింది. తెలుగులో “వెళ్లకు”, “వెళ్లరు” వేరువేరు రూపాలు కనుక, ఈ పద్యాన్ని అనువదించేవారు పునరుక్తినో వ్యాకరణాన్నో వదులుకోక తప్పదు. ఇలా పని మారని పల్లవి ముద్ర వేసినట్టు పడుతుంది. దాన్ని వేలితో కప్పి చదివినా చరణానికి లోటు రాకపోతే, ఆ పల్లవి అక్కడ ఊరికే ఉన్నట్టే.

అమెరికన్ కవయిత్రి ఎలిజబెత్ బిషప్ 1976లో “వన్ ఆర్ట్” అనే విలనెల్‌లో రెండో దారి పట్టింది. పోగొట్టుకోవడమనే విద్య కష్టం కాదనే మొదటి పల్లవిని మూడుసార్లు చెక్కుచెదరకుండా ఉంచింది. రెండోదానిలో మాత్రం “విపత్తు” అనే చివరి మాటను నిలిపి, మిగతాదంతా ప్రతిసారీ మార్చింది. తాళంచెవులు, అమ్మ చేతిగడియారం, ఇళ్లు, ఒక ఖండం, చివరికి “నువ్వు”: పోయేవి పెరిగేకొద్దీ అదే ధీమా బుకాయింపులా వినిపిస్తుంది.

ఇంకా కాపాడుకోగలమన్న ఆశతో పెనుగులాడే మనసుకు థామస్ దారే తగినది. జరిగిపోయిన నష్టానికి మాత్రం నేను బిషప్ దారినే మేలంటాను, ఎందుకంటే దుఃఖాన్ని ఒప్పుకోని మనిషి మాట ఎక్కడ తడబడిందో ఆ మార్పే పట్టిస్తుంది. అయితే మొదటి పల్లవి అంతసేపు స్థిరంగా నిలిచినందువల్లనే, 18వ పాదంలో “మరీ అంత కష్టం కాదు” అని చేరిన చిన్న సడలింపు చెవిని తాకుతుంది. ఆ వెంటనే, ఆఖరి పాదంలో, “లాగా” అన్న మాట రెండుసార్లు పడి, ఆ రెండింటి మధ్య కుండలీకరణాల్లో ఆమె తనను తానే “రాసెయ్!” అని గద్దిస్తుంది.