24 రోజులు కదలని ట్రాకింగ్ పేజీ: ఆరేళ్లు వాడాక నా మాట

పాత కెమెరాల విడిభాగాలు విదేశాల నుంచి రిజిస్టర్డ్ పోస్టులో తెప్పించుకోవడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ట్రాకింగ్ పేజీ మీద నాకున్న కోపమంతా ఒక్క లైను మీదే: `Departure from outward office of exchange`. చూడగానే హమ్మయ్య, దేశం దాటేసింది అనిపిస్తుంది. దాటి ఉండాలనేం లేదు.

పోయినేడు ఒక లెన్సు విషయంలో ఇది తెలిసొచ్చింది. పోస్టు చేసిన ఆరో రోజు ఆ లైను పడింది, ఆ తర్వాత 24 రోజులు ఒక్క అక్షరం మారలేదు. రోజుకు పదిసార్లు తెరిచి చూసేవాణ్ణి. ఇక పోయిందనుకుని అమ్మినాయనకు రాస్తే, పాపం మారుమాట లేకుండా డబ్బు వెనక్కిచ్చేశాడు. రెండ్రోజులకే `Arrival at inward office of exchange` అని పడింది, వారంలో లెన్సు ఇంటికొచ్చింది. డబ్బు మళ్లీ పంపేశాను లెండి, సిగ్గు మాత్రం ఇంకా పోలేదు.

పోస్టల్ సార్టింగులో పనిచేసే స్నేహితుడు తర్వాత చెప్పాడు: ఆ లైనుకు అర్థం ప్యాకెట్టును సంచిలో వేసి, సీలు చేసి, పంపాల్సిన వాటిలో రాసుకున్నారని మాత్రమే. విమానంలో చోటు లేకపోతే సంచి అక్కడే పడి ఉంటుంది, మధ్యలో ఇంకో దేశంలో విమానం మారాల్సి ఉంటే అక్కడా ఆగిపోవచ్చు. సంచి మూసి ఉన్నంతసేపూ లోపలి ప్యాకెట్టు బార్‌కోడ్‌ను ఎవరూ స్కాన్ చెయ్యరు, చేరాల్సిన దేశంలో విప్పితేనే పేజీలో కొత్త లైను పడుతుంది. ప్రతి స్కానుకూ మెయిల్ వస్తుందని ఒకప్పుడు అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. వస్తుంది నిజమే, స్కాన్ చేస్తేనే.

అందుకే ఇప్పుడు రోజులు లెక్కపెట్టే ముందు ఎక్కడ ఆగిందో చూస్తాను. లేబుల్ తయారైందన్న దగ్గరే వారం ఆగితే అది పోస్టు తప్పు కాదు, చాలాసార్లు అమ్మినవాళ్లు ప్యాకెట్టు ఇంకా అప్పగించనే లేదు, అడగాల్సింది వాళ్లనే. దేశం దాటే దగ్గర ఆగితే నెల దాకా ఊరుకుంటాను. మన దేశంలో దిగినట్టు పడ్డాక రెండు వారాలు నిశ్శబ్దమైతే మాత్రం నాకు టెన్షన్ మొదలవుతుంది, కస్టమ్స్‌లో ఏదైనా కాగితం అడిగారేమో కనుక్కుంటాను.

నెల దాటితే పంపినవాళ్లతో వాళ్ల పోస్టాఫీసులో ఎంక్వైరీ పెట్టిస్తాను. మామూలుగా అది పెట్టాల్సింది పంపినవాళ్లే, పోస్టు చేసిన మర్నాటి నుంచి 6 నెలల్లోపు పెట్టాలి. పోస్టు వాళ్లు వెతికి దొరకలేదన్నాకే నా లెక్కలో అది పోయినట్టు. ఒక్క చిక్కుంది, కొన్న సైటులో ఫిర్యాదు గడువు దీనికంటే చాలా ముందే అయిపోవచ్చు. ఇంకో వారం చూడండి అని అమ్మినవాళ్లు ఎంత మర్యాదగా అన్నా, నేను ఆ గడువుకు రెండ్రోజుల ముందే ఫిర్యాదు నమోదు చేసేస్తాను. ప్యాకెట్టు వస్తే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.

నావి తొందర లేని వస్తువులు కాబట్టి ఈ సర్వీసు నాకు సరిపోతోంది. మందులో, తేదీకి అందాల్సిన కాగితాలో అయితే నేనే దీంట్లో పంపించమనను.