చెక్క పెట్టె లోఫ్ మౌల్డ్‌తో రెండేళ్లు, 64 బ్యాచ్‌లు: ఒక్క సబ్బుకి అసలు ఎంత పడుతోంది

రెండేళ్ల నుంచి కాకినాడలో మా ఇంట్లోనే కోల్డ్ ప్రాసెస్ సబ్బులు, అంటే నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి ఉడకబెట్టకుండానే మౌల్డ్‌లో పోసి గట్టిపడ్డాక కోసేవి, చేస్తున్నాను, ఇంట్లోకి, మా చుట్టాలకి, అక్కచెల్లెళ్లకి. డబ్బులు ఖర్చు మటుకే తీసుకుంటాను కాబట్టి ఒక్కో బిళ్ళకి ఎంత పడిందో కరెక్టుగా తెలియాలి నాకు. వాడేది ఒకటే మౌల్డ్, లోపల సిలికాన్ లైనర్, దాని చుట్టూ వడ్రంగితో చేయించిన చెక్క పెట్టె. లోపల కొలత 30 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 6 ఎత్తు. లైనర్ 450, పెట్టె 350, మొత్తం 800 అయ్యింది. ఇప్పటికి 64 బ్యాచ్‌లు పోశాను దీంట్లో.

మొదట్లో పెట్టె లేదు, ఉత్త సిలికాన్ మౌల్డే. పోయగానే మధ్యలో పొట్టలా ఉబ్బేది, కోస్తే మధ్య ముక్కలు 128 గ్రాములు, చివరవి 115. ఒకే రేటుకి ఇచ్చేటప్పుడు ఇది చాలా ఇబ్బంది అండి. చెక్క పెట్టె వచ్చాక ఆ గొడవ పోయింది, పైగా వేడి నిలిచి సబ్బు కూడా సమానంగా గట్టిపడుతోంది. మౌల్డ్ ఖర్చు చూసి చాలామంది భయపడతారు కానీ 800ని 64 బ్యాచ్‌లకి పంచితే బ్యాచ్‌కి పన్నెండున్నర, బిళ్ళకి రూపాయి పైన కొంచెం, అంతే.

అసలు తేడా వచ్చేది నూనెల దగ్గర, ఇంకా బిళ్ళల లెక్క దగ్గర. నా నోట్‌బుక్‌లో మొదటి బ్యాచ్ పక్కన "ఒక్కోటి 20 రూపాయలు" అని రాసి ఉంది, ఆ 20 తప్పని తెలియడానికి నాకు ఆరేడు నెలలు పట్టింది.

నా బ్యాచ్ ఇది: కొబ్బరి నూనె 300 గ్రాములు, తవుడు నూనె 350, పామాయిల్ 250, ఆముదం 100, అంటే కిలో నూనెలు. 5 శాతం సూపర్‌ఫ్యాట్‌తో, అంటే అంత నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా, కాస్టిక్ సోడా 142 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 285, నిమ్మగడ్డి నూనె 25. సబ్బుకి అన్నీ తూకంలోనే వేస్తాం కదా, కానీ కొట్లో నూనె రేటు చెప్పేది లీటరుకి. ప్యాకెట్ మీద చూడండి, 1 లీటర్ అని పెద్దక్షరాల్లో, పక్కనే 910 గ్రాములు అని చిన్నగా ఉంటుంది. నేను లీటరు రేటునే కిలో రేటు అనుకుని వేసేసుకున్నాను అన్నాళ్లు, దానివల్ల బ్యాచ్‌కి దాదాపు 20 రూపాయలు లెక్కలోకే రాలేదు. కొబ్బరి నూనె లీటరు 380కి కొన్నానంటే కిలో 418 పడ్డట్టు, 300 గ్రాములకి 125. నేను మొదలుపెట్టినప్పుడు అదే నూనె లీటరు 220కి తెచ్చాను, తర్వాత ధర ఎలా ఎగబాకిందో అందరికీ తెలిసిందే. ఇప్పటి నా బిల్లుల ప్రకారం నూనెలన్నీ కలిపి 236, సోడా 28, నీళ్లు 6, నిమ్మగడ్డి నూనె 45, మొత్తం 315.

ఇప్పుడు దీన్ని ఎంతతో భాగించాలి అన్నదే అసలు సంగతి. 30 సెంటీమీటర్ల దిమ్మని రెండున్నర చొప్పున కోస్తే 12 అని కాగితం మీద వస్తుంది, నేను 12తోనే భాగించేదాన్ని. కోసి చూస్తే ఎప్పుడూ పదకొండే. ఎందుకంటే రెండు చివర్లూ లైనర్ గోడకి ఆనుకుని బుడగలతో గరుగ్గా వస్తాయి, మూలలు గుండ్రంగా ఉంటాయి, చక్కటి ముఖం రావాలంటే అటూ ఇటూ కలిపి 1.3 సెంటీమీటర్లు చెక్కేయాలి. మిగిలిన 28.7లో పదకొండు వస్తాయి, ఇంకో సన్నటి పలక మిగులుతుంది. ఆ చెక్కుళ్లు, పలక అన్నీ కలిపితే సరిగ్గా ఒక బిళ్ళ బరువు! అది మా వంటింటి సింకు దగ్గరకి పోతుంది, వేస్టేమీ కాదు, కానీ దానికి డబ్బులు రావు. కాబట్టి 315ని 11తో భాగించాలి, 28 రూపాయల 60 పైసలు.

కొంచెం సన్నగా కోస్తే 12 వస్తాయి కదా అని ఒకసారి 2.35 సెంటీమీటర్లకి కోశాను. వచ్చాయి, కానీ ఆరాక మోసం బయటపడింది. నా బిళ్ళ కోసిన రోజు 121 గ్రాములు, ఆరు వారాలు ఆరితే 107కి వస్తుంది, నీరు చాలావరకు పోవాలి కదా. సన్నగా కోసినవి ఆరాక 100కి అటూ ఇటూ తూగాయి, రెండు 99 చూపించాయి. 100 గ్రాములు అని లేబుల్ వేసి 99 ఇవ్వడం నాకు ఇష్టం లేదు, మళ్ళీ రెండున్నరకే వచ్చేశాను. ఎవరైనా సరే తూకం వేసేది కోసిన రోజు కాదండి, ఆరాకే వేయాలి.

పాడైన బ్యాచ్‌లు కూడా కలపాలి. 64లో 4 పోయాయి నాకు. ఒకటి లవంగ నూనె వేయగానే గిన్నెలోనే గడ్డకట్టేసింది. మిగతా మూడు రెండో నెలలో పైన నారింజ రంగు మచ్చలు పడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత జంతికల డబ్బా మూత తీసినట్టు వాసన. తవుడు నూనె ప్యాకెట్ విప్పి చాలా రోజులు ఉంచి వాడాను, మా ఊరి ఉప్పుగాలి తేమకి అది ఇంకా తొందరగా పాడైంది. ఆ నాలుగింటి ఖర్చు మిగతా 60 మీద వేస్తే బిళ్ళకి రెండు రూపాయల లోపు.

ప్యాకింగ్ దగ్గర నాకు బాగా దెబ్బ తగిలింది. క్రాఫ్ట్ బాక్స్ 7, స్టిక్కర్ 3, లోపల బటర్ పేపర్ 1, మొత్తం 11. అన్నీ కలిపితే బిళ్ళ 42 రూపాయల 60 పైసలు, అందులో పాతిక శాతం ప్యాకింగ్‌దే! అది కూడా తడి సబ్బు కొలతకి బాక్సులు ఆర్డర్ పెట్టాను, ఆరి కుంచించుకుపోయాక లోపల గలగలలాడుతూ మూలలు విరిగేవి. ఇప్పుడు బటర్ పేపర్, మధ్యలో ప్రింటు చేసిన కాగితం పట్టీ, రెండూ కలిపి 4 రూపాయలు, బిళ్ళ 35 రూపాయల 60 పైసలకి దిగింది. గాలి ఆడుతుంది కాబట్టి చెమట కూడా పట్టట్లేదు. నా టైమ్ ఇందులో వేయలేదు, బ్యాచ్‌కి రెండు గంటలు పడుతుంది. అమ్మడానికే చేసేవాళ్లకి కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద లైసెన్స్ కావాలి, ఆ ఖర్చు వేరు.

మౌల్డ్ మాత్రం మళ్ళీ చెక్క పెట్టే తీసుకుంటాను, రెండు మార్పులతో. లైనర్ అడుగు ఇప్పుడు గరుకెక్కి సబ్బు కొంచెం అంటుకుంటోంది, అందుకని ఈసారి లైనర్ లేకుండా బటర్ పేపర్ పరిచే చెక్క పెట్టె, పొడవు 31.5 సెంటీమీటర్లు చెప్పాను వడ్రంగికి. చివర్లు చెక్కాక 30.2 మిగలాలి, అంటే నిజంగా 12 బిళ్ళలు. నూనెలు 1050 గ్రాములు, సోడా నీళ్లు అదే నిష్పత్తిలో, అదనంగా అయ్యేది 16 రూపాయలు, దానికి ఒక పూర్తి బిళ్ళ వస్తుంది. సామాన్ల ఖర్చు బిళ్ళకి 28.60 నుంచి 27.60కి దిగుతుంది. పెట్టె ఆదివారానికి ఇస్తానన్నాడు.