పోస్టర్ల పనికి వికీమీడియా కామన్స్: కొన్నేళ్ళు వాడాక నా మాట

తిరుపతిలో ట్రావెల్స్‌కీ, లాడ్జీలకీ పోస్టర్లు డిజైన్ చేస్తుంటాను. చంద్రగిరి రాజమహల్, తలకోన జలపాతం లాంటి మన చోట్ల ఫొటోలు నాకు పెద్ద స్టాక్ సైట్లకన్నా, ఉచితంగా వాడుకోదగ్గ ఫొటోలుండే వికీమీడియా కామన్స్ సైటులోనే ఎక్కువగా దొరికాయి. పైగా వ్యాపారానికి వాడొద్దనే షరతు మాత్రమే ఉన్న ఫొటోల్ని అక్కడ చేర్చుకోరు. నాకు బాగా నచ్చింది ఇదే.

అలాగని డౌన్‌లోడ్ చేసి నేరుగా ప్రింటుకి పంపకూడదు. మొన్న ఒక ట్రావెల్స్‌కి A3 పోస్టరు చేశాను. ఎంచుకున్న రాజమహల్ ఫొటో లైసెన్సు క్రియేటివ్ కామన్స్ వారి CC BY-SA 4.0. అంటే తీసినవాళ్ళ పేరు, లైసెన్సు పేరు, దాని లింకు వేయాలి. మార్చి ఉంటే ఆ సంగతీ చెప్పాలి. అందుకే పోస్టరు అడుగున ఒక లైను పెట్టాను: ఫొటో, తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, CC BY-SA 4.0, అంచులు కత్తిరించినది. పక్కనే లైసెన్సు లింకు.

"ఊరికే దొరికిన దానికి వాళ్ళ పేరెందుకన్నా, మన ఫోన్ నంబరు పెద్దగా వెయ్యి" అన్నాడు ఓనరు. పేరు తీసేస్తే ఆ లైసెన్సు మనకు చెల్లదని చెప్పి ఒప్పించాను. ఈ లైసెన్సు 4.0 వెర్షన్‌లో తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దితే హక్కు తిరిగొస్తుంది. పాత 3.0లో ఆ వెసులుబాటు లేదు. గోడలకు అంటించిన పోస్టర్లను ఎలాగూ సరిదిద్దలేం కాబట్టి, ఆ లైను ప్రూఫులోనే చూసుకోవాలి.

లైసెన్సు పేరులోని SA, అంటే ShareAlike, సంగతి ఇంకా ముఖ్యం. ఆ ఫొటోను వేరే బొమ్మలతో కలిపి కొత్త చిత్రంగా మారిస్తే, దాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. తన డిజైన్ ఎవరైనా వాడుకోవచ్చంటే ఏ ఓనరూ ఒప్పుకోడు. అందుకే ఫొటోను దాని గళ్ళోనే విడిగా ఉంచి, అక్షరాలు బయట వేస్తాను.

లోటు సైజులో ఉంది. A3 నిండా 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కలకి, సుమారు 3508×4961 పిక్సెళ్ళు కావాలి. 1600 పిక్సెళ్ళ వెడల్పున్న ఫొటోను ఆ కాగితం వెడల్పుకి సాగదీస్తే 137 డీపీఐ దగ్గర ఆగుతుంది, దగ్గర్నుంచి చూస్తే మసకే. దూరం నుంచి చూసే ఫ్లెక్సుకైతే సరిపోతుంది.

ఇంకో హద్దు మనుషుల ముఖాలు. ఈ లైసెన్సు ఫొటో తీసినవాళ్ళ హక్కు వరకే. క్యూలో నిలబడ్డ భక్తురాలు లాడ్జి ప్రకటనకు ఒప్పుకున్నట్టు కాదు. కొన్ని ఫైళ్ళ కింద "Personality rights" అని హెచ్చరిక ఉంటుంది, అది లేకపోయినా ముఖం తెలిసే ఫొటో నేను తీసుకోను. డబ్బు కట్టే సైట్లలో "Editorial use only" అని ఉన్నవీ అంతే, వార్తకు పనికొస్తాయి, ప్రకటనకు కాదు. మనుషులు కావాలని పట్టుబట్టే ఓనర్లకు మాత్రం మన ఊరి ఫొటోగ్రాఫరుతో తీయించి, ఫొటోలో ఉన్నవాళ్ళ సంతకంతో అనుమతి కాగితం తీసుకుంటున్నాను.