స్విచ్ ఆన్‌లోనే ఉంది, కార్డు మాత్రం బ్లాక్: ఐదేళ్ల వాడకం తర్వాత ఒక క్రెడిట్ కార్డు గురించి

రివార్డు పాయింట్లు, వార్షిక రుసుము సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఈ కార్డు మీద కోపమంతా ఒక్క విషయంలోనే. విదేశానికి మొదటి చెల్లింపు వెళ్లిన కాసేపటికే బ్లాక్ అయింది, యాప్ మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే చూపించింది.

యాప్‌లో అంతర్జాతీయ వాడకానికి ఉన్న స్విచ్ వరకు వంక పెట్టడానికి లేదు. 2020 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులకు అంతర్జాతీయ వాడకం ఆపేసే ఇస్తారు, కావాలంటే మనమే తెరుచుకోవాలి. ఈ యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి, ఇంటర్నేషనల్ కింద 'ఆన్‌లైన్' ఒక్కటే ఆన్ చేసి, ఓటీపీ కొడితే పని అయిపోతుంది. ఏటీఎం, స్వైపింగ్ స్విచ్‌లు ముట్టుకోనక్కర్లేదు. అక్కడే లిమిట్ గడి కూడా ఉంటుంది. అది సున్నా దగ్గరుంటే స్విచ్ ఆన్‌లో ఉన్నా చెల్లింపు పోదు. సైటులో ధర రూపాయల్లో కనబడినా, డబ్బు తీసుకునే సంస్థ విదేశంలో ఉంటే అది అంతర్జాతీయ చెల్లింపే.

చిక్కు వచ్చింది అమెరికా యూనివర్సిటీల దరఖాస్తు ఫీజుల దగ్గర. ఒక్కొక్కటి 75 డాలర్లు, మొత్తం మూడు. డిసెంబరు 1 రాత్రి 11:59 అని అక్కడి తూర్పు తీరం వాళ్లు గడువు పెడితే, తిరుపతిలో మనకది 2వ తేదీ ఉదయం 10:29. ముందురాత్రి మొదటి ఫీజు ఓటీపీ కూడా అడగకుండా వెళ్లిపోయింది. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. పది నిమిషాల తర్వాత రెండోది తిరస్కరించారు. మళ్లీ కొడితే మళ్లీ అదే.

బ్యాంకు కంప్యూటరు వైపు నుంచి చూస్తే కారణం తెలుస్తుంది. ఈ కార్డుకు దానికి తెలిసిన చరిత్రంతా పెట్రోలు బంకు, కిరాణా, 300 రూపాయల దర్శనం టికెట్లు. అలాంటి కార్డు మీద అర్ధరాత్రి ఓటీపీ లేకుండా డాలర్ల చెల్లింపు, వెనువెంటనే అదే మొత్తం ఇంకోటి. దొంగిలించిన నంబరును పరీక్షించేవాళ్ల తీరూ ఇలాగే ఉంటుంది. తిరస్కరించాక మళ్లీ మళ్లీ కొట్టడం ఆ అనుమానాన్ని పెంచుతుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చిన ఎస్సెమ్మెస్‌లో ఉంది. 'ఈ లావాదేవీ మీదేనా? YES లేదా NO' అని అడిగింది. అందులో ఉన్నది యూనివర్సిటీ పేరు కాదు, ఫీజు వసూలు చేసే సంస్థ పేరు. తెలియని పేరు చూసి కంగారులో NO అని పంపితే తాత్కాలిక బ్లాక్ కాస్తా శాశ్వతమవుతుంది, కొత్త నంబరుతో కార్డు ఇంటికొచ్చేదాకా ఆగాల్సిందే. పేరు కంటే ముందు మొత్తం, సమయం సరిపోల్చుకోవాలి.

స్విచ్ ఒక తాళం, అనుమానపు బ్లాక్ ఇంకో తాళం. స్విచ్‌ను ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా రెండోది ఊడదు. ఏది పడిందో తెలుసుకోవడానికి ఇక్కడే చిన్న మొబైల్ రీఛార్జి చేసి చూడొచ్చు. అది వెళితే స్విచ్చో లిమిట్టో చూసుకోవాలి. అదీ వెళ్లకపోతే సాధారణంగా అనుమానపు బ్లాకే.

అప్పుడు కార్డు వెనక ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేయాలి. బ్లాక్ అయిన కార్డులకు రాత్రిళ్లు కూడా పలుకుతారు. 'మొదటి 75 డాలర్లు నావే, రెండోసారి ప్రయత్నించిందీ నేనే, అనుమానపు బ్లాక్ తీసేయండి, రేపటిదాకా ఇలాంటివి ఇంకా రెండు ఉంటాయి' అని సూటిగా చెప్పాలి. ఆ చివరి మాట చెప్పకపోతే మూడో ఫీజు దగ్గర మళ్లీ ఆగొచ్చు. వాళ్లు చెప్పినంతసేపు ఆగి, ఒక్కసారే కొట్టి చూడాలి. 'మీ కార్డు బ్లాక్ అయింది' అంటూ మనకే వచ్చే ఫోన్లలో మాత్రం ఓటీపీ, సీవీవీ, పిన్ ఏదీ చెప్పకూడదు. పెట్టేసి మనమే చేయాలి.

ఖర్చు సంగతీ ఒక మాట. ఈ కార్డుకు విదేశీ మారకం రుసుము 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. డాలరు 88 చొప్పున 75 డాలర్లు 6,600 అయితే, పైన దాదాపు 273 రూపాయలు పడుతుంది. మూడు ఫీజులకు ఇరవై వేలు దాటుతుంది కాబట్టి లిమిట్ 25,000 పెట్టి, పని కాగానే స్విచ్ ఆపేయడం మంచిది.

ఏడాదికి రెండు మూడు విదేశీ చెల్లింపులు మించని ఇల్లు కాబట్టి ఈ కార్డు ఇంకా పర్సులోనే ఉంది. గడువుకు ముందురాత్రి ఈ ఒక్క కార్డునే నమ్ముకునేవాళ్లకు మాత్రం తీసుకోమని చెప్పను. వేరే బ్యాంకు కార్డు ఒకదానికి అంతర్జాతీయ స్విచ్ ముందే ఆన్ చేసి, పగలే ఒక చిన్న చెల్లింపు చేసి చూసుకున్నవాళ్లకైతే పర్వాలేదు.