పద్నాలుగు నెలలు వాడాక: ఆ ప్రకటన చెప్పిన గంటలు, నేను లెక్కపెట్టిన గంటలు

బెంగళూరు మారతహళ్లిలో అద్దె గదిలో ఉంటూ, ఉద్యోగం చేస్తూనే గ్రూప్–2కు చదివాను. మా ఊరు హిందూపురం. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చిన కొన్నాళ్లకు ఫోనులో ఒక యాప్ ప్రకటన కనిపించింది. అందులోని మాటలు నచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను:

"కోర్సులో 180 గంటల వీడియోలు ఉన్నాయి. వాటిలో 64 గంటలు కొత్త సిలబస్‌కు రికార్డు చేసినవి. మిగతావి పాతవి. పాతవాటిలో మారిన విషయాలకు సవరణ పత్రాలు ఇస్తాం. డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకున్నా చూడవచ్చు. చేరితే ఉద్యోగం వస్తుందని మేం చెప్పం."

అంతకుముందు వేరే యాప్‌కు డబ్బు కట్టి నష్టపోయాను. దాని ప్రకటన నిండా గ్రూప్–1 విజేతల ఫొటోలే. వారిలో ఒకరు అక్కడ తీసుకున్నది ఉచిత నమూనా ఇంటర్వ్యూ మాత్రమేనని తర్వాత తెలిసింది. విజేత ఏ కోర్సులో, ఎంతకాలం చదివారో, డబ్బు కట్టారో లేదో ప్రకటనలోనే చెప్పాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ రంగానికి మార్గదర్శకాలు ఇచ్చింది. నేను మోసపోయేనాటికి అవి లేవు. అందుకే ఒక్క ఫొటో కూడా లేని ఈ ప్రకటనను నమ్మాలనిపించింది. నమ్మినా, లెక్క చూసుకోకుండా ఉండలేకపోయాను.

2023 నోటిఫికేషన్‌తో స్క్రీనింగ్ పరీక్ష స్వరూపం మారింది. 150 మార్కులను చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన అంశాలు, మెంటల్ ఎబిలిటీ అని ఐదు భాగాలు చేసి, ఒక్కోదానికి 30 ఇచ్చారు. భారతీయ సమాజం ప్రత్యేక భాగంగా రావడం అప్పుడే. కాబట్టి కోర్సు నిజంగా కొత్తదా కాదా తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది ఆ భాగమే. ఈ యాప్‌లో ఆ పాఠాలన్నీ కొత్తవే, బోధన కూడా శ్రద్ధగా ఉంది. కుటుంబం, కులం, తెగల గురించి పాఠ్యపుస్తకం చదివి వినిపించకుండా, ప్రశ్న ఎలా అడుగుతారో చూపిస్తూ చెప్పారు.

ఒక ఆదివారం కూర్చుని కొత్త వీడియోల నిడివి లెక్కకట్టాను. 58 గంటలే వచ్చింది. మిగతా ఆరు గంటలు సందేహాలు తీర్చిన ప్రత్యక్ష తరగతుల రికార్డింగులు. అవి పనికిరానివని అనను, కానీ పాఠాలు కావు. వాటిని విడిగా చెప్పి ఉండాల్సింది.

పాత పాఠాన్ని గుర్తుపట్టడానికి నాకు దొరికిన గుర్తు ఆంధ్రప్రదేశ్ పటం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. భూగోళం పాఠంలో ఉపాధ్యాయుడి వెనుక ఉన్న పటంలో 13 జిల్లాలే ఉంటే, పేరు పక్కన ఏ సంవత్సరం రాసినా అది పాత రికార్డింగే. ఇక్కడ అలాంటి పాఠాలు ఏడు కనిపించాయి. ప్రకటనలో చెప్పినట్టే ప్రతిదాని కింద సవరణ పత్రం ఉంది.

సవరణ చేరనిది నమూనా పరీక్షలకు. విస్తీర్ణంలో రాష్ట్రంలో అతి పెద్ద జిల్లా ఏదని ఒక బిట్ వచ్చింది. అప్పటికి అతి పెద్దదైన ప్రకాశం పెడితే తప్పని చూపించింది. కీలో ఉన్నది అనంతపురం. మా హిందూపురమే అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లిపోయింది, అది ఇంకా పెద్ద జిల్లాగా ఎలా ఉంటుంది? ఆ కీని నమ్మి అసలు పరీక్షలో అదే పెట్టినవారికి ఆ మార్కు రాదు, పైగా మూడో వంతు మార్కు పోతుంది. రాసి పంపాను. నాలుగు రోజుల్లో దిద్దారు. రెండు నెలల తర్వాత అదే బిట్ మరో పరీక్షలో పాత కీతోనే వచ్చింది.

ఇంటర్నెట్ లేకున్నా చూడవచ్చన్న మాట సగమే నిజం. లేపాక్షి దగ్గర పల్లెలో ఉండే మా చిన్నాన్న కొడుకు కూడా ఈ కోర్సే తీసుకున్నాడు. హిందూపురం వచ్చినప్పుడు మా ఇంటి వైఫైలో వీడియోలు నింపుకుని వెళ్తాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, వీడియోలు కనిపిస్తున్నాయి, తెరుచుకోవడం లేదు" అన్నాడు. పదిహేను రోజులకు ఒకసారి యాప్ ఇంటర్నెట్‌కు కలవకపోతే తాళం పడుతుందట. అతని ఇంట్లో సిగ్నల్ రాదు, మిద్దె ఎక్కి నిలబడి కలిపాడు. చిన్న ఊళ్లవారి కోసమే చేసిన ప్రకటనలో ఈ షరతు లేకపోవడం నాకు బాధ కలిగించింది.

స్క్రీనింగ్ దాటాను. 2025 ఫిబ్రవరిలో మెయిన్స్ రాశాను. రాజ్యాంగం పాఠాలు అక్కడ బాగా అక్కరకు వచ్చాయి. శాస్త్ర సాంకేతికానికి వేరే పుస్తకం కొనక తప్పలేదు. అది మెయిన్స్‌లో 75 మార్కుల భాగం. ఇందులో ఉన్నది తొమ్మిది గంటలే.

మా తమ్ముడికి ఈ కోర్సు కొనమని చెప్పింది నేనే, ఇప్పటికీ అదే చెబుతాను. ప్రకటన తయారుచేసేవారికి మాత్రం మూడు వాక్యాలు రాసి పంపాను: "కొత్త పాఠాలు 58 గంటలు, సందేహాల తరగతులు 6 గంటలు. నమూనా పరీక్షల్లో పాత జిల్లాల ప్రశ్నలు ఇంకా కొన్ని ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసిన వీడియోలు తెరుచుకోవాలంటే పదిహేను రోజులకు ఒకసారి ఇంటర్నెట్ కావాలి." మొదటిది కొత్త ప్రకటనలో చేర్చారు. మిగతా రెండింటి కోసం మళ్లీ రాశాను.