కార్టన్లు ఎప్పుడు ఎన్ని తెప్పించాలి? మూడు పద్ధతుల్లో ఏది మేలు

బంగారుపాళ్యం దగ్గర మా మామకి చిన్న మామిడి గుజ్జు యూనిట్ ఉంది, స్టోర్ లెక్కలు నేను చూస్తా. సీజన్‌లో తోతాపురి గుజ్జంతా డబ్బాల్లో నింపి పెట్టేస్తాం, లేబుల్ వేసి కార్టన్‌లో పెట్టేది మాత్రం ఆర్డర్ వచ్చాకే. ఒక్కో కార్టన్‌లో 3.1 కేజీల డబ్బాలు 6. కాబట్టి కార్టన్ల అవసరం ఒక వారం కుప్పగా వస్తుంది, ఇంకో వారం సున్నా. అసలు తలనొప్పంతా ఇదే.

రాబోయే 8 వారాలకి చేతిలో ఉన్న స్టాక్ తీసేశాక కావాల్సింది, కట్టల్లో (ఒక కట్టకి 25 కార్టన్లు):

| వారం | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 |
|---|---|---|---|---|---|---|---|---|
| అవసరం | 30 | 0 | 50 | 20 | 0 | 60 | 10 | 30 |

మొత్తం 200. ఒక ఆర్డర్ పెడితే వ్యాన్, దింపుడు కూలీ, కాగితాలు కలిపి 1200 రూపాయలు అనుకోండి. వారాంతానికి మిగిలిన ఒక్కో కట్టకి చోటు, ఇరుక్కున్న డబ్బు, తేమకి మెత్తబడిపోయేవి అన్నీ కలిపి 10 రూపాయలు. ఈ రేట్లు నేను లెక్క కోసం వేసుకున్నవి, మీవి మీరు పెట్టుకోండి.

ముందు లాట్ ఫర్ లాట్. ఏ వారానికి ఎంత కావాలో ఆ వారం అంతే, ఒక్క కట్ట ఎక్కువ లేదు. 6 ఆర్డర్లు, 7200. గోడౌన్ ఖర్చు సున్నా. చూడ్డానికి భలే శుభ్రంగా ఉంటుంది గానీ 7వ వారంలో 10 కట్టల కోసం వ్యాన్ పిలిపిస్తే డ్రైవర్ మన మొహం చూసి నవ్వుతాడు. మా మామకి మాత్రం ఇదే ఇష్టం, "లేనిదాన్ని ఎలుకలు కొరకవు కదరా" అంటాడు.

తర్వాత ఫిక్స్‌డ్ క్వాంటిటీ. వ్యాన్‌కి 80 కట్టలు పడతాయి కాబట్టి ఎప్పుడు తక్కువ పడితే అప్పుడు 80. ఒకటి, నాలుగు, ఏడు వారాల్లో ఆర్డర్, అంటే మూడే, 3600. కానీ వారాంతాల్లో మిగిలినవి చూడండి: 50, 50, 0, 60, 60, 0, 70, 40. కూడితే 330, అంటే 3300. మొత్తం 6900, పైగా చివర్లో 40 కట్టలు మిగిలిపోయాయి. ఆ మిగులుతోనే అసలు భయం, ఎందుకంటే కార్టన్ మీద కొనేవాళ్ల ప్రింట్ ఉంటుంది, వాళ్లు డిజైన్ మార్చారంటే ఆ 40 కట్టలు తూకానికి అమ్ముకోవాల్సిందే. మాకు ఒకసారి అయింది, ఆ కథ వద్దులే.

ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు. 6వ వారం అవసరం 60 నుంచి 45కి తగ్గిందనుకోండి. 15 మిగుల్తాయి, 7వ వారం 10కి అవే సరిపోతాయి, దాంతో 7లో రావాల్సిన 80 కట్టల ఆర్డర్ ఏకంగా 8కి జరుగుతుంది. 15 కట్టల తేడాకి 80 కట్టల తేదీ మారిపోయింది, కార్టన్లు చేసేవాడు అప్పటికే ప్రింట్‌కి పెట్టేసుంటాడు. లాట్ ఫర్ లాట్‌లో ఐతే 6వ వారం అంకె ఒక్కటే మారేది.

ఇక ఫిక్స్‌డ్ పీరియడ్, రెండేసి వారాలకి సరిపడా తెప్పించడం. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. క్యాలెండర్ ప్రకారం 1, 3, 5, 7 వారాలకి కట్టేస్తే ఆర్డర్లు 30, 70, 60, 40. 5వ వారంలో అవసరమే లేదు, ఐనా ఆ 60 ఒక వారం ముందే వచ్చి కూర్చుంటాయి. 4 ఆర్డర్లకి 4800, నిల్వ 110 కట్టలకి 1100, మొత్తం 5900.

అదే అవసరం పడిన వారం నుంచి రెండు వారాలు లెక్కేస్తే 1, 3, 6, 8 వారాల్లో 30, 70, 70, 30 వస్తాయి. ఆర్డర్లు అవే 4, నిల్వ మాత్రం 30 కట్టలే, అంటే 300. మొత్తం 5100. పద్ధతి పేరు ఒకటే, మొదలుపెట్టే వారం మార్చితే 800 తేడా. కాబట్టి మీ సాఫ్ట్‌వేర్‌లో పీరియడ్ అని ఎంచుకునేటప్పుడు అది క్యాలెండర్‌కి కట్టుకుందా, మొదటి అవసరం నుంచి లెక్కేస్తుందా అని ఒక సున్నా వారం పెట్టి చూసుకోండి, వెంటనే తెలిసిపోతుంది.

మూడు వారాలకి పెడితే ఇంకా మేలేమో అని అదీ వేశా. 80, 80, 40, మూడు ఆర్డర్లు, కానీ నిల్వ 250 కట్టలు, మొత్తం 6100. పీరియడ్ పెంచుకుంటూ పోతే లాభం లేదు.

ఐతే ఇదంతా ప్రింట్ కార్టన్ల లెక్క. లేబుల్ అంటించే గమ్ము, కట్టే టేపు లాంటివి ఏ కొనేవాడికైనా వాడొచ్చు, వారం వారం ఇంచుమించు ఒకేలా ఖర్చవుతాయి, వాటికి నేను ఫిక్స్‌డ్ క్వాంటిటీనే ఉంచేశా, మిగిలినా బాధ లేదు. ఖరీదైనవి, ఒక్క ఆర్డర్‌కే పనికొచ్చేవి, అంటే ఫలానా దేశం లేబుళ్లు, అవి మాత్రం లాట్ ఫర్ లాట్‌లోనే. కార్టన్లకి ఈ నెల నుంచి రెండు వారాల పీరియడ్ పెట్టా. మామకి ఇంకా చెప్పలా, 3వ వారంలో 70 కట్టలు దిగినప్పుడు ఎట్లాగూ అడుగుతాడు.